గుమ్మం మీద బొమ్మలు, పక్కన ఒక గొంతు

యాంగోన్ నడిబొడ్డున బో ఆంగ్ జో వీధిలో ఉన్న సెయింట్ మేరీస్ కతీడ్రల్ ముందు నుంచి ఏదో ఒక పని మీద వెళ్ళని తెలుగువాళ్ళు ఇక్కడ తక్కువే. ఎర్ర ఇటుక గోడలు, పైకి సూదుల్లా లేచిన రెండు శిఖరాలు, కోసుగా ముగిసే కమానులు. 1895లో పని మొదలైన ఈ చర్చికి నమూనా గీసింది యోస్ కైపర్స్ అనే డచ్ వాస్తుశిల్పి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పెద్ద మ్యూజియాన్ని కట్టిన పియర్ కైపర్స్ కొడుకే ఈయన. కాస్త దూరంలో బొజో ఆంగ్ సాన్ రోడ్డు మీద హోలీ ట్రినిటీ కతీడ్రల్ ఉంది. దానికి నమూనా ఇచ్చిన రాబర్ట్ చిషోమ్ మనకు కొత్తవాడేం కాదు, మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్ ఆయన చేతి చలవే.

ఈ రెండింటినీ గోథిక్ పద్ధతి అంటారు. ఆ పద్ధతి పుట్టిన ఫ్రాన్సులో చర్చి గుమ్మం ముందు నిలబడితే ముందుగా కంటబడేది కమాను కాదు, జనం. రాతి జనం. గుమ్మానికి రెండు పక్కలా నిలువెత్తు మనుషులు, తల మీద అర్ధచంద్రాకారంలో ఇంకో గుంపు, కమాను వంపు వెంట వరసలు వరసలుగా దేవదూతలు. షార్ట్ర్ అనే ఊళ్ళోని కతీడ్రల్ గుమ్మాల మీద ఇలాంటివి వందల్లో ఉన్నాయి. యాంగోన్‌కు గోథిక్ ఆకారం వచ్చింది గానీ ఆ జనం రాలేదు. ఒండ్రు నేల మీద ఇటుకే కట్టుబడికి ఆధారం, శిల్పానికి పనికొచ్చే మెత్తటి సున్నపురాయి చేతికి దొరకదు అన్నది ఒక కారణం అనుకుంటాను. ఇంకో కారణం, 1895 నాటికి అచ్చుపుస్తకాలు, రంగుల పటాలు చవకగా దొరుకుతున్నాయి. రాయి చేయవలసిన పని కాగితం చేస్తోంది.

ఇంతకీ రాయి చేసిన పని ఏమిటి? చదువు రాని జనానికి బొమ్మలతో మతం బోధించడం అని ఏ గైడును అడిగినా చెబుతాడు. మాట తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే ఒక్క గుమ్మాన్నయినా తీరిగ్గా చూడాలి.

ముందు గుమ్మం అమరిక చెప్పుకుందాం. మన గుళ్ళలో ద్వారబంధం పై కమ్మి మధ్యలో గజలక్ష్మి బొమ్మో ఆ దేవుడి గుర్తో చెక్కి లలాటబింబం అంటాం కదా. వాళ్ళది కూడా దాదాపు అదే చోటు, కాకపోతే దాన్ని విపరీతంగా పెంచారు. పై కమ్మికీ కమానుకీ మధ్య మిగిలే అర్ధచంద్రం లాంటి రాతి పలకను టింపనం అంటారు. అసలు కథ అక్కడ ఉంటుంది. 11, 12 శతాబ్దాల్లో గుండ్రటి కమానులతో కట్టిన పద్ధతి రోమనెస్క్. 12వ శతాబ్దం నడుమ పారిస్ చుట్టుపక్కల మొదలై తర్వాత అంతటా పాకిన కోసు కమానుల పద్ధతి గోథిక్.

ఇప్పుడు ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో ఓతన్ అనే చిన్న ఊరికి వెళదాం. అక్కడి సెయింట్ లాజరస్ కతీడ్రల్ పడమటి గుమ్మం మీది టింపనం 1130 ప్రాంతపు పని. ఆరు మీటర్లకు పైగా వెడల్పు. ఏసు చనిపోయినవాణ్ణి బతికించాడే, ఆ లాజరు అవశేషాలు ఇక్కడ ఉన్నాయని యాత్రికులు వచ్చేవాళ్ళు. వాళ్ళందరూ తలెత్తి చూసింది అంతిమ తీర్పు దృశ్యం.

నడుమ క్రీస్తు, అందరికన్నా ఎన్నో రెట్లు పెద్దగా, రెండు చేతులూ చాపి కూర్చున్నాడు. ఎవరు ఎంత పెద్దగా ఉంటే అంత ముఖ్యులు. ఇది మనకు చెప్పనక్కర్లేదు, మన పటాల్లోనూ దేవుడు పెద్దగా, దండం పెట్టే రాజు చిన్నగా ఉంటాడు. ఆయన కుడివైపు, అంటే చూసేవాళ్ళకు ఎడమవైపు, స్వర్గం. ఎడమవైపు నరకం. కాళ్ళ కింద కమ్మి మీద, చచ్చిపోయినవాళ్ళు సమాధుల్లోంచి లేస్తున్నారు. మధ్యలో ఒక దేవదూత కత్తి పట్టుకుని, ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు అని వేరు చేస్తున్నాడు.

మంచివాళ్ళ వరసలో ఇద్దరు భుజాన సంచులతో ఉన్నారు. ఒకరి సంచి మీద సిలువ, ఇంకొకరి సంచి మీద ఆలిచిప్ప. సిలువ ఉన్నవాడు యెరూషలేము యాత్ర చేశాడు, చిప్ప ఉన్నవాడు స్పెయిన్‌లోని యాకోబు క్షేత్రానికి వెళ్ళొచ్చాడు. కింద నిలబడి చూస్తున్న యాత్రికుడి భుజాన కూడా అలాంటి సంచే వేలాడుతూ ఉండొచ్చు. తీర్పు రోజున తాను ఏ వరసలో ఉండబోతున్నాడో అక్కడ రాయిలో కనిపిస్తోంది. అవతలి వరసలో ఒకడి మెడకు డబ్బు సంచి బరువుగా వేలాడుతోంది, అతడు పిసినారి. ఒక ఆడమనిషి రొమ్ములను పాములు పట్టుకున్నాయి, అది కామానికి శిక్ష. పక్కనే ఇంకో తల. పైనుంచి వచ్చిన రెండు పెద్ద చేతులు ఆ తలను గబుక్కున పట్టుకున్నాయి. ఆ చేతులు ఎవరివో కనపడవు. చేతులే ఉన్నాయి. ఆ గుమ్మం మొత్తానికి నన్ను ఎక్కువసేపు ఆపేది అదే.

ఇంకొంచెం పైన త్రాసు. మన యముడి కొలువులో చిత్రగుప్తుడి దగ్గర చిట్టా ఉంటుంది. ఇక్కడ చిట్టా లేదు, తూకమే. ఆలోచిస్తే చదువు రాని జనానికి చిట్టా కంటే త్రాసే దగ్గర, వారం వారం సంతలో చూసేదే. ఒక పక్క మిఖాయేలు దూత తట్టను సరిచేస్తున్నాడు. అవతల పక్కటెముకలు తేలిన దయ్యం త్రాసును తనవైపు లాగుతోంది. తూకంలో మోసం! సంతలో మోసపోయినవాడు ఎవడైనా చటుక్కున పోల్చుకుంటాడు. మిఖాయేలు అంగీ మడతల్లో ఒకటి రెండు చిన్న ప్రాణాలు భయంతో దాక్కున్నాయి. చావు తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా లెక్క ఉంటుందన్న సిద్ధాంతం ఇక్కడ ఒక్క అక్షరం లేకుండా అందింది.

కానీ అక్షరాలు ఉన్నాయి! అసలు చిక్కు అక్కడే. క్రీస్తు చుట్టూ ఉన్న అంచు మీద, కింద కమ్మి మీద లాటిన్ వాక్యాలు చెక్కారు. యోగ్యులకు కిరీటం పెట్టేదీ, తప్పు చేసినవాళ్ళను శిక్షించేదీ నేనే అని ఒకటి చెబుతుంది. లోకపు భ్రమలో పడ్డవాళ్ళను ఈ భయం భయపెట్టాలి, జరగబోయేది ఇలాగే ఉంటుంది అన్న అర్థంలో ఇంకొకటి ఉంటుంది. క్రీస్తు పాదాల కింద, దీన్ని చేసింది గిస్లెబెర్టుస్ అని ఇంకో మాట. అది శిల్పి పేరని చాలాకాలం అనుకున్నారు, కాదు చేయించిన దాత పేరని వాదించినవాళ్ళూ ఉన్నారు. గుమ్మం తన ఉద్దేశాన్ని తానే చెప్పుకుంటోంది, భయపెట్టడమే పని అని. చెప్పేది మాత్రం ఆ ఊరి రైతుకు రాని భాషలో, రాని లిపిలో.

మరి ఆ మాటలు ఎవరికోసం? చదివి చెప్పేవాడికోసం. ఈ బొమ్మల వాదన మొదట పెట్టింది పోప్ గ్రెగరీ. మార్సే బిషప్ సెరెనస్ తన చర్చిలో బొమ్మలు పగలగొట్టించాడు, జనం వాటికి పూజ చేస్తున్నారని. 600 ప్రాంతంలో గ్రెగరీ ఆయనకు ఉత్తరం రాశాడు. చదువుకున్నవాళ్ళకు రాత ఎలాగో చదువు రానివాళ్ళకు బొమ్మ అలాగ, పూజించడం వద్దు గానీ పగలగొట్టడం కూడా వద్దు అని దాని సారం. తర్వాత వెయ్యేళ్ళు అందరూ ఆ మాటనే వల్లించారు. అయితే రాత చదవాలంటే అక్షరాలు నేర్చుకోవాలి కదా. బొమ్మ చదవడానికి కూడా ఎవరో నేర్పాలి. ఆ నేర్పేవాడు ఆదివారం ప్రసంగం చెప్పే పూజారి కావచ్చు, ముందే వచ్చి వెళ్ళిన ఊరివాడు కావచ్చు, ఇంట్లో అమ్మమ్మ కావచ్చు. పెళ్ళిళ్ళు కూడా ఆ రోజుల్లో చర్చి గుమ్మం దగ్గరే జరిగేవి కాబట్టి ఆ బొమ్మల కింద నిలబడే సందర్భాలకు కొదవ లేదు.

తెలంగాణలో చేర్యాల పటాలు ఇలాంటివే. మూరల కొద్దీ గుడ్డ మీద ఒక కులపురాణం మొత్తం బొమ్మలుగా ఉంటుంది. కథకుడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడతాడు. ఆ పటాన్ని ఇవాళ డ్రాయింగ్ రూములో ఫ్రేము కట్టి వేలాడదీస్తే అందంగానే ఉంటుంది. కానీ గుర్రం మీద ఉన్నది ఎవరు, ఎక్కడికి పోతున్నాడు అంటే ఇంట్లో చెప్పేవాళ్ళుండరు. పటం ఉంది, గొంతు పోయింది.

బొమ్మ ఒంటరిగా ఎంతవరకు పలకగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి చోటు అమ్యాన్ కతీడ్రల్. గోథిక్ కట్టడం, 1220లో మొదలైంది. నడిమి గుమ్మం పక్కన అపొస్తలుల నిలువెత్తు విగ్రహాలున్నాయి. వాటి కాళ్ళ కింద, సరిగ్గా మన కళ్ళ ఎత్తులో, నాలుగు రేకుల పువ్వు ఆకారపు చట్రాల్లో చిన్న చిన్న బొమ్మలు. పై వరసలో పన్నెండు సద్గుణాలు, ఒక్కోదాని కింద దానికి విరుద్ధమైన దుర్గుణం.

దుర్గుణాలను ముందు చూడండి. ఒక యోధుడు కత్తి జారవిడిచి పరుగెడుతున్నాడు, వెనక తరుముతున్నది కుందేలు. పిరికితనం. ఒక రౌతు గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్నాడు. గర్వం. ఒకతె పెట్టెలో డబ్బు దాచుకుంటోంది. లోభం. కోనసీమ పిల్లవాణ్ణి తీసుకెళ్ళి నిలబెట్టినా కుందేలు బొమ్మ దగ్గర నవ్వుతాడు.

ఇప్పుడు పై వరస. ఒక స్త్రీ కూర్చుని ఉంది, చేతిలో డాలు, డాలు మీద ఒక గుర్తు. పక్కన ఇంకో స్త్రీ, డాలు మీద ఇంకో గుర్తు. సింహం ఉంటే ధైర్యం, ఎద్దు ఉంటే ఓర్పు, పావురం ఉంటే వినయం. ఎద్దును చూసి ఓర్పు అని మన రైతు ఊహించవచ్చు గానీ పావురానికీ వినయానికీ లంకె ఏమిటో ఎవరైనా చెబితే తప్ప తెలియదు. దుర్గుణం ఒక పని కాబట్టి బొమ్మగా వేస్తే అందరికీ తెలుస్తుంది. ఓర్పుగా ఉన్న మనిషిని బొమ్మ వేస్తే ఊరికే కూర్చున్న మనిషే కనిపిస్తాడు. అందుకే శిల్పి డాలు చేతికిచ్చి గుర్తు పెట్టాడు. గుర్తు పెట్టిన చోటల్లా వివరించే గొంతు కావాలి. పన్నెండింటిలో దానగుణం మాత్రం తన దుస్తును పేదవాడికి ఇస్తూ కనిపిస్తుంది. అది కూడా చేసే పనే మరి.

ఇలాంటి గుర్తులు గోథిక్ నాటికి ఒక భాషలా స్థిరపడ్డాయి. తాళంచెవి పట్టుకుంటే పేతురు, కత్తి పట్టుకుంటే పౌలు, చిప్ప ఉంటే యాకోబు. తల వెనక వెలుగు వలయంలో సిలువ గీత ఉంటే అది దైవమే, మామూలు సాధువు కాదు. పాదాలు వట్టివిగా ఉండేది దేవుడికి, దేవదూతలకు, అపొస్తలులకు. మరియమ్మకు ఎప్పుడూ పాదరక్షలు ఉంటాయి. ఎలుకను చూసి వినాయకుడనీ, నెమలిని చూసి సుబ్రహ్మణ్యేశ్వరుడనీ పోల్చే మనకు ఇది వింత కాదు. పైగా ఈ బొమ్మలకు అప్పట్లో రంగులు ఉండేవి. అమ్యాన్ గుమ్మాలను 1990లలో శుభ్రం చేసినప్పుడు రాతి సందుల్లో ఆ రంగుల ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఇప్పుడు మనం చూసే బూడిదరంగు రాయిని ఆ జనం ఎన్నడూ చూడలేదు.

చెప్పేవాడు లేకపోతే ఏమవుతుంది? పారిస్ నోటర్‌డామ్ కథ వినండి. గుమ్మాల పైన ఒక వరసలో 28 మంది రాజుల విగ్రహాలు పెట్టారు. వాళ్ళు బైబిలులోని యూదా రాజులు, ఏసు పూర్వీకులు. 13వ శతాబ్దపు ఒక ఫ్రెంచి హాస్య రచనలో ఒక పల్లెటూరి మనిషి దాని ముందు నిలబడి, అదుగో పెపిన్ రాజు, అదుగో షార్లమేన్ అని చూపించుకుంటూ ఉంటాడు. వెనక ఎవడో అతని డబ్బు సంచి కోసేస్తుంటాడు. అంటే కట్టిన కాలంలోనే జనం వాళ్ళను ఫ్రాన్సు రాజులనుకున్నారు, చదువుకున్నవాళ్ళు దానికి నవ్వుకున్నారు. ఐదు వందల ఏళ్ళ తర్వాత ఆ నవ్వు కాస్తా పోయింది. 1793లో, విప్లవం రోజుల్లో, ఇవి మనల్ని పీడించిన రాజుల బొమ్మలని వాటిని కిందికి దించి ముక్కలు చేశారు. ఈసారి ఆజ్ఞ ఇచ్చింది చదువుకున్నవాళ్ళే. ఆ తలల్లో 21 మళ్ళీ 1977లో పారిస్‌లో ఒక పాత భవనం ఆవరణ తవ్వుతుంటే దొరికాయి. ఇప్పుడు క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి. కొన్నింటి బుగ్గల మీద రంగు ఇంకా ఉంది.

ఫ్రాన్సు దాకా వెళ్ళలేనివాళ్ళకు మన దగ్గరే ఒక సాటి ఉంది. ఓతన్ గుమ్మానికి ఓ పాతికేళ్ళ ముందు, 1105 ప్రాంతంలో, బగాన్‌లో జాన్‌సిత్తా రాజు ఆనంద ఆలయం కట్టించాడు. దాని పీఠం చుట్టూ పచ్చటి మెరుగు పెట్టిన మట్టి పలకలున్నాయి. బుద్ధుడి మీదికి వచ్చిన మారుడి సైన్యం ఒక భాగం, దేవతల వరస ఇంకో భాగం. ఏనుగుల మీద, వింత మృగాల మీద ఎక్కి వస్తున్న మారసేన చూస్తే ఓతన్ దయ్యాలు గుర్తుకొస్తాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు చోట్ల, ఇంచుమించు ఒకే తరంలో, జనం నడిచే దారిలో పెట్టిన బొమ్మలు ఇవి. ఆ పలకల కింద మోన్ భాషలో చిన్న చిన్న రాతలు కూడా ఉన్నాయి. ఇవాళ అక్కడికి వచ్చే బర్మీయుల్లో ఆ పాత మోన్ చదవగలవాళ్ళు అరుదు. అయినా మారుడు ఎవరో పిల్లలకు తెలుసు, ఇంట్లో చెబుతారు కాబట్టి.

అదే ఆలయం పై అంతస్తుల్లో జాతక కథల పలకలు వందల కొద్దీ ఉన్నాయి. కింద నిలబడినవాడికి అవి కనపడవు. ఫ్రెంచి కతీడ్రల్ శిఖరాల దగ్గరా మనిషి కంటికి ఆనని చోట్ల చక్కటి బొమ్మలున్నాయి. కాబట్టి ప్రతి బొమ్మా పాఠం చెప్పడానికే చెక్కారనుకోవడం పొరపాటు. కొన్ని చేయించినవాడి పుణ్యానికి, కొన్ని దేవుడి కంటికి. బోధ కోసం పెట్టిందేదో తెలుసుకోవడానికి ఒక సులువైన ఆనవాలు ఉంది. అది జనం నిలబడే చోట, కంటికి అందే ఎత్తులో ఉంటుంది, లేదా కంటికి అందేంత పెద్దగా ఉంటుంది.

కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్ళను కోరంగీలు అన్నారు. రంగూన్ ఓడరేవులో, బియ్యపు మిల్లుల్లో పనిచేసిన ఆ తరం వాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు, కానీ కథలు వచ్చు. ఇప్పుడు వాళ్ళ మునిమనవలకు బర్మీస్ చదవడం వచ్చు, ఇంగ్లీషు చదవడం వచ్చు. గోపురం మీద హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో పెట్టుకున్న నరసింహుణ్ణి చూస్తే, సింహం మనిషిని చంపుతోంది అని సరిగ్గానే చెబుతారు. అమ్యాన్ కుందేలు బొమ్మలా అంతవరకు ఎవరికైనా తెలుస్తుంది. గడప మీదే ఎందుకు కూర్చున్నాడు, వేళ సంధ్యే ఎందుకు అన్నది మాత్రం ఆ రాతిలో లేదు.

ఓతన్ టింపనానికి ఏమైందో చెప్పలేదు కదూ. 1766లో ఆ చర్చి పెద్దలు, అంటే లాటిన్ చదవగలవాళ్ళే, ఈ బొమ్మలు మోటుగా ఉన్నాయని వాటి మీద సున్నపు గార పూయించేశారు. క్రీస్తు తల ముందుకు పొడుచుకొచ్చి గారకు అడ్డమైందని దాన్ని కొట్టేశారు. ఆ పూతే తర్వాత విప్లవకాలంలో మిగతా బొమ్మలను కాపాడింది, పగలగొట్టడానికి పైకి ఏమీ కనపడలేదు. ఉత్తరపు గుమ్మం సంగతి అంత అదృష్టంగా లేదు. దాని కమ్మి మీది హవ్వ బొమ్మను ఎవరో ఇంటి గోడలో రాయిగా వాడుకున్నారు, 1856లో ఆ ఇల్లు కూలుస్తుంటే బయటపడింది. పడమటి గుమ్మం మీది గారను 1837లో ఊడబెరికారు. తల లేని క్రీస్తు తీర్పు చెబుతూ నూరేళ్ళకు పైగా అలాగే ఉన్నాడు. ఊళ్ళోని మ్యూజియంలో ఉన్న ఒక పాత రాతి తల దానిదేనని గుర్తుపట్టి, 1948లో మెడ మీద పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది.